వాన పడితే టికెట్ డబ్బు ఎవరిది?

2023 మే 28న అహ్మదాబాద్‌లో ఐపీఎల్ ఫైనల్ జరగాలి. వాన తెరిపివ్వలేదు, టాస్ కూడా పడలేదు. రాత్రి పొద్దుపోయాక నిర్వాహకులు ఒక చిన్న ప్రకటన చేశారు. మ్యాచ్ మర్నాడు రాత్రి ఏడున్నరకు ఇదే స్టేడియంలో జరుగుతుంది, ఈరోజు కొన్న కాగితం టికెట్లు రేపు కూడా చెల్లుతాయి, వాటిని చిరగకుండా దాచుకోండి అన్నది దాని సారాంశం. చెన్నై నుంచి వచ్చిన అభిమానులు కొందరు పసుపు జెర్సీల్లోనే రైల్వే స్టేషన్‌లో పడుకున్నారు. మర్నాడు కూడా వాన అడ్డుపడింది. ఆట 30వ తేదీ తెల్లవారుజామున ముగిసింది.

తేదీ, వేళ, చోటు, టికెట్ సంగతి అన్నీ రెండు మూడు వాక్యాల్లో వచ్చేశాయి కాబట్టి ఆ ప్రకటన బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మర్నాడు ఉద్యోగానికి పోవాల్సినవాడు, తిరుగు రైలు టికెట్ జేబులో ఉన్నవాడు ఏం చేయాలో అందులో లేదు. ఆరుబయట జరిగే ఏ కార్యక్రమానికైనా వాయిదా ప్రకటన తేలిపోయేది ఇక్కడే. నిర్వాహకుడికి వాయిదా అంటే తేదీ మారడం. కొత్త తేదీన రాలేని ప్రేక్షకుడికి మాత్రం అది రద్దుతో సమానం.

రద్దయినప్పుడు లెక్క తేలిక. 2025 మే 17న బెంగళూరులో ఆర్‌సీబీ, కోల్‌కతా మ్యాచ్ ఒక్క బంతి పడకుండానే వానకు కొట్టుకుపోయింది. టికెట్ డబ్బు మొత్తం ఇస్తామని ఆర్‌సీబీ ప్రకటించింది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు 10 పనిదినాల్లో అదే ఖాతాలో పడుతుందని, మే 31 నాటికి రాకపోతే ఈమెయిల్ చేయమని, కాగితం టికెట్ ఉన్నవాళ్లు అసలు టికెట్ చూపించాలని, ఉచిత పాసులకు ఏమీ రాదని చెప్పింది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది మే 31 అన్న గడువు. ఎప్పటిదాకా ఆగాలో, ఆ తర్వాత ఎవరిని అడగాలో తెలిస్తే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

వాయిదాలో ఈ స్పష్టత కరవవడానికి ఒక కారణం నిర్వాహకుడి చేతిలో కూడా ఉండదు. విజయవాడలో నవంబరు 8న ఓ మైదానంలో సంగీత కార్యక్రమం పెట్టారనుకుందాం. టికెట్ 1200 రూపాయలు, దానిపై బుకింగ్ రుసుము 90. వాన రాకడ ఎవరికీ తెలియదనే సామెత ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వారి లెక్కలో భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం. కాబట్టి వాయిదా నిర్ణయం ముందు రోజే తీసుకోవచ్చు. చిక్కల్లా కొత్త తేదీతోనే.

వాన ఆగిన మర్నాడే నల్లరేగడి నేల ఆరదు. జనరేటర్ లారీ దిగితే చక్రం కూరుకుపోతుంది, వేదిక కాళ్లు ఒక పక్కకు ఒరుగుతాయి, తడి నేల మీద కరెంటు తీగలు లాగడం ప్రమాదం. పోలీసు అనుమతి, మైకు అనుమతి పాత తేదీకి ఇచ్చినవి కాబట్టి మళ్లీ తెచ్చుకోవాలి. మైదానం ఖాళీగా ఉండాలి, గాయకుల డేట్లు దొరకాలి. ఇవన్నీ ఒక్క పూటలో తేలవు. అందుకే ‘కొత్త తేదీ త్వరలో ప్రకటిస్తాం’ అని రాసి ఊరుకుంటారు. ఆ ‘త్వరలో’కు హద్దు లేదు. అప్పటిదాకా జనం డబ్బు నిర్వాహకుడి దగ్గరే ఉంటుంది.

సమ్మె వల్ల వాయిదా అయితే ఇది ఇంకా ముదురుతుంది. 2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె యాభై రోజులకు పైగా సాగింది. మొదటి వారంలో దాని ముగింపును ఊహించి తేదీ వేసినవాళ్లు మళ్లీ మార్చుకోవాల్సిందే. అలాంటప్పుడు తేదీ చెప్పకపోవడం తప్పు కాదు. తేదీ ఎప్పటిలోగా చెబుతారో, చెప్పలేకపోతే డబ్బు ఏమవుతుందో రాయకపోవడమే తప్పు.

మన విజయవాడ కార్యక్రమానికి ప్రకటన ఇలా ఉండొచ్చు:

‘భారీ వర్షం హెచ్చరిక ఉన్నందున నవంబరు 8 సాయంత్రం 6 గంటల కార్యక్రమం ఆ రోజు జరగదు. గేట్లు తెరవం, దయచేసి బయల్దేరవద్దు. కొత్త తేదీని నవంబరు 12 సాయంత్రం 6 గంటల లోపు మీ ఫోనుకు సందేశంగా పంపుతాం. ఇప్పుడున్న టికెట్టే ఆ రోజుకు చెల్లుతుంది, మళ్లీ బుక్ చేయక్కర్లేదు. కొత్త తేదీన రాలేనివారు నవంబరు 17 లోపు టికెట్ కొన్న యాప్‌లోనే రీఫండ్ కోరవచ్చు. బుకింగ్ రుసుముతో కలిపి 1290 రూపాయలూ, కట్టిన ఖాతాకే, 10 పనిదినాల్లో వస్తాయి. 12వ తేదీ లోపు కొత్త తేదీ ప్రకటించలేకపోతే కార్యక్రమం రద్దయినట్టే. అప్పుడు ఎవరూ అడగక్కర్లేదు, డబ్బు దానంతట అదే వెనక్కి వస్తుంది.’

ఇందులో ‘బయల్దేరవద్దు’ అన్న మాట క్షమాపణల కన్నా ముందు రావాలి. ఏలూరు నుంచి, గుంటూరు నుంచి వచ్చేవాళ్లు మొదట చూసేది అదే. రెండోది ఆ 90 రూపాయలు. బుకింగ్ యాప్‌లు చాలావరకు ఈ రుసుమును తిరిగి ఇవ్వమని నిబంధనల్లోనే రాస్తాయి. నిర్వాహకుడు దాన్ని తన జేబులోంచి ఇస్తాడా లేదా అన్నది ప్రకటనలో అంకెతో ఉండాలి. ‘పూర్తి రీఫండ్’ అని రాసి 1200 పంపితే తిట్లు తప్పవు.

చట్టం ఏమంటుంది? అనుకున్న పని ఎవరి తప్పూ లేకుండా అసాధ్యమైతే ఆ ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 56వ సెక్షన్, అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద తీసుకున్నది తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతున్నాయి. అయితే టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ‘తేదీ మార్చే హక్కు మాకుంది’ అని ఉంటే ఒట్టి వాయిదాను అసాధ్యం అని వాదించడం కష్టం. ఆ షరతు మరీ ఏకపక్షంగా ఉందనుకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రశ్నించవచ్చు. అంతదాకా వెళ్లేముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం తేలిక. ప్రకటన స్క్రీన్‌షాట్, టికెట్, డబ్బు కట్టిన రసీదు దగ్గర పెట్టుకోవాలి. రైలు చార్జీ, హోటల్ గది అద్దె మాత్రం టికెట్ షరతుల్లో ఉండవు కాబట్టి వాటిని రాబట్టడం చాలా కష్టం.

వాయిదా కబురు పొక్కగానే మోసగాళ్లూ రంగంలోకి దిగుతారు. ‘రీఫండ్ కోసం ఈ లింకు నొక్కండి’ అని సందేశం వస్తుంది, నొక్కితే యూపీఐ పిన్ అడుగుతుంది. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, అందుకోవడానికి దాని అవసరం లేదు. నిర్వాహకుడు తన ప్రకటనలోనే ‘మేము లింకులు పంపం, పిన్ అడగం’ అని ఒక వాక్యం చేరిస్తే మంచిది. అప్పటికే పిన్ కొట్టేసినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. డబ్బు మరో ఖాతాకు దాటకముందైతే దాన్ని ఆపించే వీలుంటుంది.