సార్ చేసిన లెక్కలో ఖాళీలు

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా ఎర్రమంజిల్ వైపు నడిస్తే, కోచింగ్ బోర్డుల్లో సాఫ్ట్‌వేర్ కోర్సుల పక్కనే టాలీ, జీఎస్టీ, సీఏ ఫౌండేషన్ కూడా కనిపిస్తాయి. అకౌంట్స్ క్లాసు ఎక్కడైనా దాదాపు ఒకేలా సాగుతుంది. సార్ బోర్డు మీద లెక్క చేస్తూ పోతారు, పిల్లలు రన్నింగ్ నోట్సులోకి ఎక్కిస్తూ పోతారు. సార్ చేస్తున్నంతసేపూ అంతా అర్థమవుతుంది. రాత్రి హాస్టల్లో అలాంటిదే ఇంకో లెక్క ముందు పెట్టుకుంటే మొదటి వరుస దగ్గరే పెన్ను ఆగిపోతుంది.

దీనికి కారణం వెతకాలంటే నోట్సులోకి ఎక్కనిదేమిటో చూడాలి. బోర్డు మీద మిగిలేవి అంకెలు. ఆ అంకె వేసేముందు సార్ మనసులో తీసుకున్న నిర్ణయం అక్కడ ఉండదు. ఏడాదికి లెక్క కట్టాలా, నెలలకా? కొన్న ధర మీదా, మిగిలిన విలువ మీదా? చూసి రాసుకున్నవాడి చేతిలో జవాబు ఉంటుంది, నిర్ణయాలు ఉండవు. క్లాసులో చేసిన లెక్కనే ఖాళీలు ఉన్న అభ్యాసపత్రంగా మార్చడమంటే ఆ నిర్ణయాల్ని మళ్లీ విద్యార్థి ముందుకు తేవడమే. ఎక్కడ ఖాళీ పెట్టాలన్నదే ఇందులో అసలు పని.

ఇంటర్ కామర్స్ నుంచి సీఏ ఫౌండేషన్ దాకా అందరికీ ఎదురయ్యే తరుగుదల లెక్కనే తీసుకుందాం. 2021 జూలై 1న రూ.1,90,000 పెట్టి యంత్రం కొన్నారు, బిగించడానికి మరో రూ.10,000 అయింది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఏడాదికి 10 శాతం తరుగుదల. ఏటా మార్చి 31న పుస్తకాలు ముగిస్తారు. 2023 సెప్టెంబర్ 30న యంత్రాన్ని రూ.1,40,000కు అమ్మేశారు. లాభమా, నష్టమా, ఎంత?

బోర్డు మీద ఇది చకచకా అయిపోతుంది. బిగింపు ఖర్చు కూడా యంత్రం ఖరీదులో భాగమే కాబట్టి మొదలు 2,00,000. మొదటి ఏడాది తొమ్మిది నెలలే కాబట్టి తరుగుదల 15,000, మిగిలేది 1,85,000. రెండో ఏడాది 18,500 పోతే 1,66,500. మూడో ఏడాది అమ్మేదాకా ఆరు నెలలకు 8,325 పోగా పుస్తక విలువ 1,58,175. అమ్మకం 1,40,000 తీసేస్తే నష్టం 18,175.

చాలా గైడ్లలో ఖాళీలు ఇలా పెడతారు: 2,00,000 × 10/100 × 9/12 = ______. ఇది కాల్క్యులేటర్ నొక్కడానికి అభ్యాసం, అంతే. తొమ్మిది నెలలన్న నిర్ణయం పుస్తకం ముందే తీసేసుకుంది. ఖాళీని పక్కకు జరిపితే సంగతి మారిపోతుంది:

యంత్రం ఖరీదు: 1,90,000 + ______ = ______
2021–22 తరుగుదల: ______ × 10/100 × ______/12 = 15,000
2022–23 తరుగుదల: ______ × 10/100 = 18,500
2023–24లో అమ్మేనాటికి తరుగుదల: ______ × 10/100 × ______/12 = 8,325

ఇందులో ఫలితాలు అచ్చులో ఉన్నాయి, దారి ఖాళీగా ఉంది. 15,000 రావాలంటే ఏ రెండు సంఖ్యలు పడాలో విద్యార్థి ఆలోచించక తప్పదు. రెండో ఏడాది ఖాళీలో 2,00,000 వేసినవాడికి 20,000 వస్తుంది, పక్కనున్న 18,500తో పొసగదు, ఎక్కడ తప్పిందో ఆ వరుసలోనే తెలుస్తుంది. ప్రతి వరుసకూ కుడివైపు చివర ‘ఎందుకంటే ______’ అని చిన్న జాగా వదిలితే ఇంకా మేలు. నాలుగు మాటలు చాలు: ‘పాత ఏడాది తరుగుదల పోగా మిగిలినదాని మీదే.’

పూర్తిగా చేసి చూపిన లెక్కల మీద పరిశోధనలు కొత్తవేం కావు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం మీద ప్రయోగాలు ప్రచురించారు. కొందరికి అన్నీ చేయాల్సిన లెక్కలుగానే ఇచ్చారు, మరికొందరికి చేసిన లెక్క ఒకటి, దాని వెంటే అలాంటి చేయని లెక్క ఒకటి ఇచ్చారు. రెండో జట్టు తక్కువ సమయంలో నేర్చుకుని, తర్వాత అదే తరహా లెక్కల్లో తక్కువ తప్పులు చేసింది. కొత్తగా నేర్చుకునేవాడు దారి వెతుక్కోవడంలోనే బుర్రంతా ఖర్చుపెట్టేస్తే, దారిలో ఏముందో గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదన్నది వాళ్ల వివరణ. అయితే లెక్క తీరు మారితే ఆ లాభం కనిపించలేదు. మన కోచింగుల్లో ‘ఇలాంటిదే వస్తుంది, రాసుకోండి’ అన్న ధీమాకు ఉన్న హద్దు కూడా సరిగ్గా అదే.

చేసిన లెక్క నుంచి సొంతంగా చేసే లెక్కకు మెట్లు కట్టినవారు జర్మనీకి చెందిన అలెగ్జాండర్ రెంక్ల్, అమెరికాకు చెందిన రాబర్ట్ అట్కిన్సన్. మొదటి పత్రంలో అన్నీ చేసి ఉంటాయి. రెండోదానిలో చివరి మెట్టు ఖాళీ, మూడోదానిలో చివరి రెండూ ఖాళీ, అలా వెనక నుంచి ముందుకు చెరుపుకుంటూ వస్తే ఆఖరికి ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. మన యంత్రం లెక్కలో ఈ వరుస బాగా కుదురుతుంది. 1,58,175 నుంచి 1,40,000 తీసేయడం అన్నిటికన్నా తేలిక, ఖరీదులో ఏం కలపాలో తేల్చుకోవడం కష్టం. తర్వాతి పరిశీలనలో వాళ్లకే ఇంకో సంగతి తెలిసింది. ఏ మెట్టును చెరిపితే విద్యార్థులు ఆ మెట్టు వెనకున్న సూత్రాన్నే బాగా నేర్చుకుంటున్నారు, అది ముందుదా వెనకదా అన్నది అంత ముఖ్యం కాదు. అందుకే, పిల్లలు ఎక్కువగా తప్పే మెట్టు మధ్యలో ఉంటే, వరుస కోసం ఆగకుండా ముందు దాన్నే చెరపమంటాను.

మరి ఎక్కడ తప్పుతున్నారో పట్టుకోవడం ఎలా? ఇక్కడ సంఖ్యల ఎంపిక చాలా పని చేస్తుంది. యంత్రాన్ని ఏప్రిల్ 1న కొని మార్చి 31న అమ్మినట్టు లెక్క ఇస్తే నెలలు కట్టడం రానివాడు కూడా సరైన జవాబు వేసేస్తాడు. జూలై 1, సెప్టెంబర్ 30 ఎంచుకున్నది అందుకే. ఇప్పుడు ప్రతి తప్పుకూ దానిదైన జవాబు వస్తుంది. నష్టం 15,000 అని రాసినవాడు ఏటా 2,00,000 మీదే తరుగుదల కట్టాడు. 13,900 వస్తే మొదటి ఏడాది పూర్తిగా పన్నెండు నెలలు వేశాడు. 10,266 రూపాయల 25 పైసలు వస్తే బిగింపు ఖర్చు వదిలేశాడు. ముప్పై పేపర్లు దిద్దాల్సిన సార్‌కు చివరి అంకె చూస్తే చాలు, ఎవరికి ఏ ఖాళీ ఉన్న పత్రం ఇవ్వాలో తెలిసిపోతుంది.

22,000 అని కూడా ఒక జవాబు వస్తుంది, అది మాత్రం అజ్ఞానం కాదు. పొద్దున ట్యాక్స్ క్లాసు, సాయంత్రం అకౌంట్స్ క్లాసు వినేవాళ్లలో ఇది పుడుతుంది. ఆదాయపు పన్ను చట్టంలో, కొన్న ఏడాది 180 రోజులు, అంతకుమించి వాడిన ఆస్తికి ఏడాది మొత్తం తరుగుదల ఇస్తారు, అంతకు తగ్గితే సగం. నెలల లెక్క ఉండదు. అమ్మిన ఏడాది ఆ యంత్రానికి విడిగా తరుగుదల కట్టరు. ఆ అలవాటు ఇక్కడికి తెచ్చినవాడు మొదటి ఏడాది 20,000, రెండో ఏడాది 18,000 తీసి, మూడో ఏడాది ఏమీ తీయకుండా 1,62,000తో పోల్చి నష్టం 22,000 అంటాడు. ఇతనికి నెలల ఖాళీ ఎన్నిసార్లు ఇచ్చినా లాభం లేదు. లెక్క పైన ‘ఏ పుస్తకాలకు?’ అన్న ఖాళీ ఒకటి కావాలి.

అన్నిటికన్నా దొంగ తప్పు 26,500. అమ్మిన ఏడాది ఆరు నెలల తరుగుదల మరిచిపోయి 1,66,500 నుంచి నేరుగా 1,40,000 తీసేస్తే వచ్చేది ఇది. యంత్రం ఖాతాలో ఎడమవైపు ఆ ఏడాది తొలి నిల్వ 1,66,500, కుడివైపు బ్యాంకు 1,40,000, నష్టం 26,500. రెండు పక్కలూ కలిశాయి. విద్యార్థి ధైర్యంగా అడుగుతాడు: “టోటల్ కలిసింది కదా సార్?” కలిసింది. అంకణా కూడా కలుస్తుంది. పోనీ లాభనష్టాల ఖాతాలో తేడా పట్టుబడుతుందా అంటే అదీ లేదు. సరైన పద్ధతిలో తరుగుదల 8,325, నష్టం 18,175 కలిపినా 26,500 రూపాయలే. ఏడాది లాభం పైసా కూడా మారదు. వాడినందుకు తరిగిన విలువను తక్కువ ధరకు అమ్మిన నష్టంగా చూపించడమే తప్పు. మొత్తాలు కలవడాన్ని నమ్ముకున్న ఏ విద్యార్థికీ ఇది కనిపించదు. కాబట్టి ఈ లెక్కకు తయారుచేసే పత్రాల్లో ఏదో ఒకదానిలోనైనా యంత్రం ఖాతా కుడివైపు మూడు వరుసలూ ఖాళీగా ఉండాలి.

చిక్కంతా ‘మూడు వరుసలు’ అన్నదానిలోనే ఉంది. మూడు గీతలు కనిపించగానే విద్యార్థి మూడోదేమిటా అని వెతికి తరుగుదలను గుర్తు తెచ్చుకుంటాడు. గుర్తుచేసింది గీత. పరీక్షలో తెల్ల కాగితం ఇస్తారు, గీతలు గీసి ఇవ్వరు. పత్రాల్లో ఖాళీలన్నీ చక్కగా నింపి పరీక్షలో తడబడేవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. అంకెల్ని చెరిపితే సరిపోదు, వరుసల పేర్లూ వరుసల లెక్కా కూడా క్రమంగా చెరపాలి. ముందు ‘అమ్మేనాటికి తరుగుదల: ______’, తర్వాత ఉత్త ‘______ : ______’, ఆపైన ఏ గీతా లేని సగం పేజీ. సీఏ పరీక్షల్లో వర్కింగ్ నోట్స్ కూడా జవాబులో భాగంగా రాయమంటారు. ఆ నోట్సుకు శీర్షికలు పెట్టుకోవడం కూడా విద్యార్థి పనే కాబట్టి చివరి పత్రంలో దాన్నీ వాడికే వదిలేయాలి.

ఈ పత్రాలు అందరికీ ఒకే మోతాదులో పనికిరావు. ఆస్ట్రేలియాలోనే అబ్దెల్ హలాబీ, జుహాని టువోవినెన్, అలన్ ఫార్లీ 2005లో అకౌంటింగ్ ప్రాథమిక పాఠాల మీద చేసిన అధ్యయనంలో, అకౌంట్స్ ముందెన్నడూ చదవనివారికి చేసిన లెక్కలు ఎక్కువ కలిసొచ్చాయి, చదివి వచ్చినవారిలో ఆ తేడా కనిపించలేదు. ఇంటర్‌లో సీఈసీ చదివి వచ్చినవాడినీ ఎంపీసీ నుంచి సీఏ వైపు మళ్లినవాడినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టే క్లాసుల్లో ఇది పట్టించుకోవాల్సిన సంగతి. మొదటివాడికి తెల్ల కాగితంతోనే మొదలుపెట్టి, తప్పిన మెట్టుకు మాత్రం ఖాళీల పత్రం ఇస్తే చాలు. వాడిచేత అన్ని ఖాళీలూ నింపిస్తే విసుగు తప్ప ఏమీ మిగలదు.

ఇక పత్రం మారినప్పుడల్లా సంఖ్యలు మార్చడం మరవకూడదు, లేకపోతే 18,175 నోటికి వచ్చేస్తుంది. అన్నీ మార్చనక్కర్లేదు. మిగతావి అలాగే ఉంచి అమ్మిన ధర ఒక్కటి రూ.1,60,000 చేసి చూడండి. సరిగ్గా కట్టినవాడికి 1,825 లాభం వస్తుంది. ఆరు నెలల తరుగుదల మరిచినవాడికి 6,500 నష్టం వస్తుంది. ఒకడు క్రెడిట్ రాస్తాడు, పక్కవాడు డెబిట్ రాస్తాడు, ఇద్దరి ఖాతాలూ కలుస్తాయి. ఆ రెండు ఖాతాలనూ బోర్డు మీద పక్కపక్కన వేసి, ఏది తప్పో పిల్లలనే తేల్చమనవచ్చు.