తోపుతో కదిలిన కంప్రెసర్‌కు జబ్బు తగ్గినట్టు కాదు
వేట విరామం తర్వాత చల్లగదుల యజమానులు గమనించవలసిన సంగతులు

విశాఖపట్నం: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ విశాఖ చేపల రేవులో సందడి తగ్గుతుంది. రేవు మీద ఆధారపడిన తీర గ్రామాలలో చేపలు దాచుకునే చిన్న చల్లగదులను కూడా చాలామంది కట్టేసి ఉంచుతారు. జూన్ మధ్యలో పడవలు మళ్ళీ సముద్రంలోకి పోయాక స్విచ్చి వేస్తే, కొన్ని కంప్రెసర్లు వెంటనే తిరగవు. "గుయ్"మని మూలుగుతాయి. కొన్ని సెకన్లకు లోపలి ఓవర్‌లోడ్ "టక్"మని తెగిపోతుంది. కొద్దిసేపటికి మళ్ళీ అదే మూలుగు, మళ్ళీ అదే టక్కు.

చేపలు చూస్తే గంటల్లో పాడైపోయే సరుకు. మెకానిక్ వచ్చి "హార్డ్ స్టార్ట్ కిట్" అనే చిన్న డబ్బా తగిలిస్తాడు. కంప్రెసర్ తిరుగుతుంది. యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. కాని ఆ డబ్బా రోగానికి మందా, లేక రోగాన్ని కప్పిపెట్టే దుప్పటా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. లేకపోతే నెలా రెండు నెలలకు కంప్రెసరే కాలిపోవచ్చు.

డబ్బా చేసే పని

సింగిల్ ఫేజు కంప్రెసర్ మోటారులో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి నడిపే చుట్ట, రెండవది మొదలుపెట్టే చుట్ట. రెండవ చుట్టకు రన్ కెపాసిటర్ ద్వారా కరెంటు వెళుతుంది. మోటారు నడవడానికి అది సరిపోతుంది గాని, కదలికకు అది ఇచ్చే బలం తక్కువ.

బరువు వేసిన ఎడ్లబండి బురదలోంచి కదలాలంటే వెనకనుంచి ఇద్దరు తోస్తారు. కదిలాక వదిలేస్తారు. కిట్టు చేసేది సరిగ్గా అదే. అందులో పెద్ద స్టార్ట్ కెపాసిటర్ ఒకటి, దాన్ని తప్పించే రిలే ఒకటి ఉంటాయి. స్విచ్చి వేయగానే మొదలుపెట్టే చుట్టకు ఎక్కువ కరెంటు అంది మోటారు గట్టిగా కదులుతుంది. అది పూర్తి వేగంలో మూడు వంతులకు పైగా అందుకునేసరికి రిలే ఆ కెపాసిటర్‌ను తప్పిస్తుంది. ఇదంతా సాధారణంగా ఒక సెకనులోపే ముగుస్తుంది. తర్వాత కిట్టుకు పని లేదు.

రేవులోని పెద్ద ఐసు ఫ్యాక్టరీలలోను, ఉక్కు కర్మాగారం వంటి చోట్లను ఉండే మూడు ఫేజుల మోటార్లకు ఈ కిట్టుతో సంబంధం లేదు. ఇన్వర్టర్ రకం ఏసీలకు కూడా దీన్ని తగిలించకూడదు.

తీగలో పోయే వోల్టేజి

నాలుగేళ్ళు దానంతట అదే తిరిగిన కంప్రెసర్‌కు ఈ రోజు తోపు కావలసి వచ్చిందంటే ఏదో మారింది. ఆ మారినదేమిటో వెతకడమే అసలు పని.

ఒక లెక్క చూద్దాం. చల్లగది మీటరుకు 40 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగారు. పోను రాను 80 మీటర్లు. ఈ తీగ నిరోధం సుమారు 1 ఓమ్. కంప్రెసర్ నడిచేటప్పుడు 8 ఆంపియర్లు తీసుకుంటే తీగలో 8 వోల్టులే పోతాయి. మీటరు దగ్గర 220 ఉంటే కంప్రెసర్ దగ్గర 212 కనిపిస్తుంది. అంతా బాగానే ఉందనిపిస్తుంది.

కాని కదిలే క్షణంలో అదే కంప్రెసర్ దాదాపు 40 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు తీగలోనే 40 వోల్టులు పోయి, కంప్రెసర్‌కు దక్కేది 180. వోల్టేజి ఇలా పడితే మోటారు బలం అంతకంటె ఎక్కువగా పడిపోతుంది. ఈ లెక్కలో మూడో వంతు బలం పోయినట్టే. కిట్టు పెడితే తిరుగుతుంది, నిజమే. కాని తీగ, కీళ్ళు ప్రతిసారీ వేడెక్కుతూనే ఉంటాయి. సాయంత్రం ఊరంతా దీపాలు వేసి వోల్టేజి ఇంకా తగ్గిన రోజున కిట్టు కూడా చేతులెత్తేస్తుంది. దీనికి మందు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ. అప్పుడు కదిలే క్షణంలో పోయేది సుమారు 15 వోల్టులే.

కనుక వోల్టేజిని కంప్రెసర్ నడుస్తుండగా కాక, స్విచ్చి వేసిన క్షణంలో, కంప్రెసర్ దగ్గరే చూడాలి. ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కిన కీళ్ళు, వదులైన మరలు కూడా సన్నతీగ చేసే చెరుపే చేస్తాయి.

కెపాసిటర్, ద్రవం

రెండవది రన్ కెపాసిటర్. దాని మీద 40 మైక్రోఫారడ్ అని రాసి ఉండి, మీటరు 32 చూపిస్తే అది అయిపోయినట్టే. దాన్ని మార్చితే చాలు. అలా మార్చకుండా కిట్టు తగిలిస్తే మోటారు కదులుతుంది గాని, కుంటి కెపాసిటర్‌తోనే రోజంతా నడిచి వేడెక్కుతుంది.

మూడవది వేట విరామంలో మాత్రమే బయటపడే సంగతి. కంప్రెసర్ చాలాకాలం ఆగి ఉంటే చల్లదనమిచ్చే గ్యాసు మెల్లగా వచ్చి అందులోని నూనెలో కలిసిపోతుంది, కొంత ద్రవంగా కూడా మారుతుంది. ద్రవం ఒత్తిడికి లొంగదు. అలాంటప్పుడు కిట్టు బలంతో తిప్పితే లోపలి రేకు కవాటాలు విరగవచ్చు. కంప్రెసర్ అడుగున హీటరు ఉన్నవాళ్ళు దానికి ఒక రోజు ముందే కరెంటు ఇచ్చి, తర్వాతే కంప్రెసర్ స్విచ్చి వేయాలి.

పడుతూ లేస్తూ ఉండే కరెంటు మరో కారణం. ఆగిన వెంటనే మళ్ళీ తిప్పితే గ్యాసు ఒత్తిడి ఇంకా సమం కాదు. అయిదు నిమిషాలు ఆగితే ఏ కిట్టూ లేకుండానే చాలా కంప్రెసర్లు తిరుగుతాయి. దీనికి ఆలస్యంగా కలిపే టైమర్ పెట్టుకోవచ్చు.

కిట్టు ఎప్పుడు తగును

తీగ, వోల్టేజి, కెపాసిటర్, గ్యాసు ఒత్తిడి అన్నీ సరిగా ఉండి, కేవలం వయసు మీద పడి కంప్రెసర్ బరువుగా కదులుతుంటే కిట్టు తగును. ఆగినప్పుడు ఒత్తిడిని సమం కానివ్వని రకం ఎక్స్‌పాన్షన్ వాల్వు ఉన్న యంత్రాలకు అది అవసరం కూడా. అయితే ఆ కంప్రెసర్‌కు సరిపడే కిట్టే కావాలి. అంగట్లో దొరికింది తగిలించి, రిలే సమయానికి తప్పుకోకపోతే స్టార్ట్ కెపాసిటర్ పగలవచ్చు, చుట్ట కాలవచ్చు.

తగిలించిన తర్వాత మెకానిక్‌ను వెంటనే పంపించవద్దు. యంత్రం పావుగంట నడిచాక క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూడమనాలి. కంప్రెసర్ రేకు మీద రాసిన అంకె కంటె ఎక్కువ ఉన్నా, ఓవర్‌లోడ్ మళ్ళీ తెగినా కిట్టు తోపు మాత్రమే ఇచ్చింది, జబ్బు లోపలే ఉంది. బేరింగులు బిగుసుకున్నాయో, ఉప్పుకు కండెన్సర్ రేకులు పూడిపోయి వేడి బయటికి పోవడం లేదో చూడాలి. చుట్ట నుంచి కంప్రెసర్ ఒంటికి కరెంటు దిగుతున్నట్టు మీటరు చూపితే ఇక కిట్టు మాట ఎత్తనక్కరలేదు. ఆ కంప్రెసర్ మార్చవలసిందే.

స్విచ్చి తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. తెలియనివారు డబ్బా మూత విప్పి చెయ్యి పెట్టరాదు.