కార్డు అడిగే ట్రయల్, అడగని ట్రయల్

ఉచితంగా 14 రోజులు వాడుకోమని చెప్పి ముందే కార్డు వివరాలు తీసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి. గడువు తీరాక రద్దు చేయకపోతే డబ్బు దానంతటదే కట్ అవుతుంది. ఈమెయిల్ ఇస్తే చాలనే కంపెనీలూ ఉన్నాయి. వాటిలో నచ్చినవాళ్లు తర్వాత డబ్బు కడతారు.

దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక చిన్న కంపెనీని ఊహించుకుందాం. ఒక్కో పద్ధతిలో వెబ్‌సైటుకు 1,000 మంది వచ్చారనుకోండి. కార్డు అడిగితే 20 మందే చేరారు, వారిలో 10 మంది డబ్బు కట్టారు. అడగకపోతే 80 మంది చేరారు, 12 మంది కట్టారు. చేరినవాళ్లలో లెక్కేస్తే మొదటిది 50 శాతం, రెండోది 15 శాతం. మీటింగుల్లో చూపించేది సాధారణంగా ఈ అంకెనే. కానీ వచ్చిన వెయ్యి మందిలో చూస్తే రెండోదే ఇద్దరిని ఎక్కువ తెచ్చింది. కార్డు పెట్టె చూసి వెనుదిరిగినవాళ్లు మొదటి లెక్కలోకి రాలేదు మరి.

మూడు నెలలు ఆగితే తేడా ఇంకా తెలుస్తుంది. ఆ 10 మందిలో కొందరు రద్దు చేయడం మరిచిపోయి కట్టినవాళ్లు. బ్యాంకు మెసేజ్ చూడగానే వాళ్లు వెళ్లిపోతారు. 6 మంది మిగిలారనుకుందాం. కావాలని కట్టిన 12 మందిలో 10 మంది ఉండొచ్చు. మరిచిపోయినవాళ్లను గుర్తించడం కష్టమేమీ కాదు. ట్రయల్ చివరి వారంలో ఒక్కసారైనా లాగిన్ కాకుండానే డబ్బు కట్ అయినవాళ్లెందరో చూస్తే చాలు. ఆ డబ్బును ఆదాయంగా లెక్కేసుకోవడం తప్పని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ మరపు మీద ఆధారపడటం ఇప్పుడు మరీ కష్టం. 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు నుంచి ఇలా డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. అక్కడే ఆపేసే వీలూ ఉండాలి.

సపోర్టు పని రెండింటిలోనూ ఉంటుంది, రకమే వేరు. కార్డు పద్ధతిలో వచ్చేవి తక్కువే అయినా కోపంతో వస్తాయి: ఎందుకు కట్ చేశారు, వెనక్కివ్వండి అని. కస్టమరు నేరుగా బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే కంపెనీ డబ్బు పోగొట్టుకోవడమే కాక, అదనంగా రుసుమూ కట్టాల్సి రావచ్చు. కార్డు లేని పద్ధతిలో 80 మందీ జీఎస్టీ ఎక్కడ నింపాలి, ప్రింటరు ఎలా కలపాలి అని అడుగుతారు. అందులో 68 మంది ఎప్పటికీ కట్టరు. అయితే ఆ ప్రశ్నలు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ అయోమయంగా ఉందో చూపిస్తాయి. రీఫండు ఉత్తరం అదేమీ చెప్పదు.

అందుకే బిల్లింగ్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు కార్డు అడగకపోవడమే మంచిదంటాను. సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీల సంగతి వేరు. అక్కడ ప్రతి దొంగ ఖాతా కరెంటునూ యంత్రాలనూ తినేస్తుంది కాబట్టి, వాళ్లు ముందే కార్డు అడగక తప్పదు.