ఫొటోలో రిబ్బన్ పువ్వు అడ్డం తిరిగిందా?

చీర పెట్టెకు రంగు కాగితం చుట్టి, మధ్యలో అడ్డంగా ఒక శాటిన్ రిబ్బన్ కట్టి ఫొటో తీశారు. ఎక్కడో తేడాగా కనిపిస్తోంది. ముందు ఫొటో సంగతి తేల్చుకోండి. ఫోన్‌ను బాగా దగ్గరగా, పక్కకు వంచి పట్టుకుంటే తిన్నని అంచులు కూడా ఏటవాలుగా పడతాయి. కాస్త దూరం నుంచి, సరిగ్గా పైనుంచి మళ్లీ తీయండి.

ఇప్పుడు పువ్వు చూడండి. దాని రెండు రెక్కలూ రిబ్బన్ పట్టీ వెంటే పరుచుకోవాలి. పట్టీకి అడ్డంగా తిరిగి ఉంటే, కింది ముడినీ పైముడినీ ఒకే వైపు నుంచి వేశారన్నమాట. అలాంటి ముడి త్వరగా వదులవుతుంది కూడా. పువ్వు మాత్రం విప్పి, కింది ముడిని వేలితో నొక్కి పట్టుకోండి. కింది ముడిలో కుడి కొస ఎడమ కొస మీదుగా వెళ్లి ఉంటే, పైముడిలో ఎడమ రెక్కను కుడి రెక్క మీదుగా తిప్పి బిగించండి. పువ్వు తిన్నగా కూర్చుంటుంది.

పట్టీలో ఎక్కడైనా మెరుపు లేకపోతే, అక్కడ రిబ్బన్ వెనక వైపు పైకి తిరిగిందని అర్థం. ముడి దగ్గర అర మెలిక తిప్పితే మెరుపు పైకి వస్తుంది. చివరగా, పీచు లేచిన కొసలను పదునైన కత్తెరతో ఏటవాలుగా కత్తిరించండి.