జీతంతో సేవా సెలవు: అర్జీకి ముందు ఒక లెక్క

జీతం కోత పడకుండా సమాజసేవకు వెళ్లేందుకు కొన్ని కంపెనీలు ఏటా ఉద్యోగులకు ఇచ్చే రోజులను వాలంటీర్ లీవ్ అంటారు. ఇది చట్టం ఇచ్చిన హక్కు కాదు, కంపెనీ తనకు తాను పెట్టుకున్న నియమం. అందుకే రోజుల సంఖ్య కంపెనీని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉన్న సేల్స్‌ఫోర్స్ ఏడాదికి 7 రోజులు, అంటే 56 గంటలు ఇస్తుంది. ఒకటి రెండు రోజులే ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. వాడుకోని రోజులు సాధారణంగా ఏడాది చివర మురిగిపోతాయి.

వీటిని సీఎస్సార్ నిధులతో కలిపి చూడటం పొరపాటు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఉద్యోగులు సేవకు పెట్టిన సమయానికి వెల కట్టి ఆ 2 శాతంలో చూపించడం కుదరదని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. కాబట్టి ఆ రోజు భారం చివరికి ఉద్యోగి పనిచేసే టీమ్ మీదే పడుతుంది. అర్జీ చూసిన మేనేజర్ మనసులో మెదిలేది సేవ మంచిదా కాదా అన్న ప్రశ్న కాదు, ఆ రోజు పని ఎవరు చూస్తారన్నది. ఆ ప్రశ్నకు జవాబు అర్జీలోనే ఉండాలి.

ముందు పని తేలాలి, తర్వాతే రోజులు. ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల బీరువాలో 600 పుస్తకాలు వరుస లేకుండా పడి ఉన్నాయనుకుందాం. ఒక్కో పుస్తకానికి బడి ముద్ర వేసి, నంబరు రాసి, వెన్ను మీద చీటీ అంటించి, రిజిస్టర్‌లో ఎక్కించడానికి 4 నిమిషాలు పడితే మొత్తం 40 గంటల పని. ప్రార్థన, భోజన విరామం పోగా బడిలో రోజుకు చేతికందేది 6 గంటలే. ఒక్కరే రెండు రోజులు కూర్చుంటే 12 గంటల్లో 180 పుస్తకాలు పూర్తవుతాయి. నలుగురు వెళితే 48 గంటలు దొరుకుతాయి. మిగిలిన 8 గంటలు చిరిగిన అట్టలు అతికించడానికి సరిపోతాయి. నలుగురు దొరకకపోతే తెలుగు కథల పుస్తకాలు 180 మాత్రమే పెట్టుకోవడం మేలు. సగంలో ఆగిన రిజిస్టర్ వల్ల బడికి కొత్త తలనొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు.

తేదీలను హెచ్చెమ్‌తో మాట్లాడే ఖాయం చేసుకోవాలి. పరీక్షల వారంలో గదులు ఖాళీ ఉండవు. కంపెనీ వైపు రిలీజ్ వారం, మార్చి నెలాఖరు తప్పించాలి. బడి ఒప్పుకున్నట్టు హెచ్చెమ్ సంతకంతో చిన్న లేఖ తీసుకుంటే అర్జీకి అదే బలం. ట్రస్టు ద్వారా వెళ్తే కంపెనీ దాని రిజిస్ట్రేషన్ పత్రాలు అడగవచ్చు. రాజకీయ ప్రచారం, మతప్రచారం ఉన్న పనులను చాలా కంపెనీలు అనుమతించవు.

ఆ తర్వాత మూడు వారాల ముందే పంపే అర్జీ ఇంత చిన్నగా ఉంటే చాలు:

“నవంబరు రెండో వారంలో గురువారం, శుక్రవారం వాలంటీర్ లీవ్ కోరుతున్నాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాల గ్రంథాలయంలో 600 పుస్తకాలకు నంబర్లు వేసి రిజిస్టర్ తయారుచేస్తాం. వేర్వేరు టీమ్‌ల నుంచి నలుగురం వెళ్తున్నాం. నా దగ్గరున్న రెండు టికెట్లు బుధవారానికి ముగిస్తాను. అత్యవసరమైతే చూసేందుకు సహోద్యోగి ఒప్పుకున్నారు. హెచ్చెమ్ గారి లేఖ జతచేశాను.”

ఇందులో “వేర్వేరు టీమ్‌ల నుంచి” అన్న మాట కీలకం. ఒకే టీమ్ నుంచి నలుగురూ ఒకేసారి అడిగితే మంచి పథకమైనా వాయిదా పడుతుంది. క్లయింటుకు గంటల లెక్కన బిల్లు వేసే ప్రాజెక్టుల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అక్కడ రెండు రోజులను రెండు వేర్వేరు వారాల్లో ఒక్కొక్కటిగా అడగడం తేలిక.

నోటిమాట అనుమతితో బయల్దేరకూడదు. పోర్టల్‌లో సెలవు రకం ఎంచుకునేటప్పుడు పొరపాటున క్యాజువల్ లీవ్ నొక్కితే సొంత సెలవు కరిగిపోతుంది. టైమ్‌షీట్‌లోనూ వాలంటీర్ గంటలకు వేరే కోడ్ ఉందేమో కనుక్కోవాలి. దారిలోనో బడిలోనో గాయమైతే కంపెనీ బీమా వర్తిస్తుందా అన్నది హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లోనే తెలుసుకోవడం మంచిది. పిల్లల ఫొటోలు బడి అనుమతి లేకుండా తీయకూడదు. కంపెనీ ప్రచారానికి కావాలన్నా ఇదే నియమం.

పని ముగిసిన సాయంత్రమే ఎన్ని పుస్తకాలు పూర్తయ్యాయో, ఎన్ని గంటలు పట్టిందో రాసి హెచ్చెమ్ సంతకం తీసుకోవాలి. రుజువు అడిగే కంపెనీల్లో ఈ కాగితం గడువులోగా అప్‌లోడ్ కాకపోతే ఆ రెండు రోజులు మామూలు సెలవు కింద జమకట్టే ప్రమాదం ఉంది.