తప్పు పిన్నుల లెక్క ఎవరి పేరున రాయాలి?

ఒక పాల సేకరణ కేంద్రానికి చిన్న యాప్ ఉందనుకుందాం. ఎనిమిది వందల మంది రైతులు వాడతారు. ఫోన్ నంబరు, నాలుగంకెల పిన్ కొడితే ఆ పూట పోసిన పాలు, వెన్న శాతం, రావాల్సిన డబ్బు కనిపిస్తాయి. కొట్టిన పిన్ సరైనదో కాదో తేల్చేది సర్వర్‌లోని `/login` అనే ఏపీఐ చిరునామా. మూడుసార్లు తప్పితే యాప్‌లో బటన్ ఆగిపోతుంది. దీంతో భద్రత కుదిరిందని చాలామంది అనుకుంటారు. కానీ దొంగ యాప్ తెరవనే తెరవడు. చిన్న స్క్రిప్ట్ రాసి నేరుగా ఆ చిరునామాకే పిన్నులు పంపుతాడు. నాలుగంకెల పిన్నులు మొత్తం 10,000. సెకనుకు వంద చొప్పున పంపితే వంద సెకన్లలో అన్నీ అయిపోతాయి.

అందుకే అడ్డుకట్ట సర్వర్‌లో ఉండాలి. ఒక ఖాతాకు పావుగంటలో ఐదు తప్పులు దాటితే, ఆ తర్వాత వచ్చే పిన్‌ను సరిచూడకుండానే ఇలా జవాబివ్వాలి:

```
HTTP/1.1 429 Too Many Requests
Retry-After: 900
```

మరీ ఎక్కువసార్లు అడిగారు, 900 సెకన్లు ఆగి రండి అని దీని భావం. గట్టి కాపలాగానే కనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూడండి. పావుగంటకు ఐదంటే రోజుకు 480. తొందరలేని దొంగకు 10,000 పిన్నులూ 21 రోజుల పని. కాబట్టి రోజు మొత్తానికి ఇరవై తప్పులు మించకూడదన్న రెండో హద్దు కూడా పెట్టాలి. పిన్‌ను ఆరంకెలకు పెంచడం ఇంకా మేలు. రోజుకు 480 ప్రయత్నాలు చేసినా, పది లక్షల పిన్నులు ముగియడానికి అయిదేళ్లు దాటుతుంది.

అసలు చిక్కు తప్పుల లెక్క ఎవరి పేరున రాయాలన్నది. ఎక్కువమంది ఐపీ అడ్రస్ పేరున రాస్తారు. దానికి ఎంత బలముందో 2019లో తమిళనాడుకు చెందిన భద్రతా పరిశోధకుడు లక్ష్మణ్ ముత్తయ్య ఇన్‌స్టాగ్రామ్ మీద చూపించాడు. పాస్‌వర్డ్ మరిచిపోయినవారికి అది ఆరంకెల కోడ్ పంపేది, దాని గడువు పది నిమిషాలు. ఒకే ఐపీ నుంచి ఎక్కువ ప్రయత్నాలు వస్తే ఆపేది. ఆయన వెయ్యి ఐపీల నుంచి, ఒకేసారి ఎన్నో అభ్యర్థనలు పోటీపడేలా రెండు లక్షల కోడ్‌లు పంపాడు. ఎక్కడా అడ్డు తగల్లేదు. ఇదే పద్ధతిలో అయిదు వేల ఐపీలు ఉంటే పది లక్షల కోడ్‌లూ గడువులోపే పూర్తవుతాయని తేలింది. ఫేస్‌బుక్ ఆ లోపాన్ని సరిదిద్ది ఆయనకు 30,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఎన్ని ఐపీల నుంచి వచ్చినా గురి ఒకే ఖాతా, కనుక లెక్క ఖాతా పేరున కూడా ఉండాలి. రెండోది, పిన్ సరిచూశాక లెక్క పెంచితే, ఆ సందులో ఒకేసారి వచ్చిన వంద అభ్యర్థనలకూ పాత అంకెే కనిపిస్తుంది, వందా లోపలికి పోతాయి. అందుకే ముందు లెక్క పెంచి, ఆ తర్వాతే పిన్ చూడాలి. పిన్ సరైనదైతే ఆ లెక్కను తిరిగి సున్నా చేయొచ్చు. చిన్న ఏపీఐలు రాసేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని చోటు ఇదేనని నా నమ్మకం.

పైగా ఐపీ లెక్క అమాయకులను కూడా పట్టుకుంటుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు. ఒకరి తప్పులకు పక్క ఊరి రైతు ఆగిపోకూడదు. కనుక ఐపీ హద్దు వదులుగా, ఖాతా హద్దు బిగువుగా ఉండాలి.

అయితే ఖాతా లెక్కతో ఇంకో బెడద ఉంది. గిట్టనివాడు రోజూ పొద్దున్నే మీ నంబరుతో తప్పు పిన్నులు కొట్టి మీకే తలుపు మూసేయగలడు. దీనికి విరుగుడుగా, ఇదివరకు సరైన పిన్‌తో లాగిన్ అయిన ఫోన్‌కు సర్వర్ ఒక రహస్య టోకెన్ ఇచ్చి ఉంచుతుంది. ఆ టోకెన్‌తో వచ్చే ప్రయత్నాల లెక్క విడిగా సాగుతుంది. బయటివాడు తన వాటా ఎంత ఖర్చు చేసినా రైతు సొంత ఫోన్ ఆగదు.

ఇవన్నీ ఉన్నా దొరకని దాడి ఒకటుంది. దొంగ ఒక ఖాతా మీద పడకుండా, 1234 అనే పిన్‌ను ఎనిమిది వందల నంబర్లకూ ఒక్కోసారి కొడతాడు, అదీ వేర్వేరు ఐపీల నుంచి. ఏ ఖాతాలోనూ ఒకటి మించి తప్పు పడదు. ఈ దాడి బయటపడాలంటే మొత్తం తప్పుల సంఖ్యను గంట గంటకూ చూడాలి. మామూలుగా గంటకు పదో పన్నెండో తప్పులు పడే చోట ఒక్కసారిగా ఏడు వందలు కనిపిస్తే అది మతిమరుపు కాదు. అలాంటి గంటలో అంతకుముందెన్నడూ చూడని ఫోన్ల నుంచి జరిగిన లాగిన్లను వెతికి, వాటిని వెంటనే రద్దు చేసి, ఆ రైతుల చేత కొత్త పిన్ పెట్టించాలి. 1234, 1111 లాంటి పిన్నులను సర్వర్ మొదట్లోనే ఒప్పుకోకపోతే ఈ దాడికి దొరికేది చాలా తగ్గిపోతుంది.