డబ్బాలోంచి తీయగానే తిరగని మిక్సీ: డీలరుకు ఉత్తరం ఎలా రాయాలి?

పెళ్లిళ్ల రోజుల్లో చిన్న ఊళ్ల స్టీలు సామాన్ల కొట్లలో మిక్సీలు బాగా పోతాయి. సారెలో పెట్టడానికని వచ్చినవాళ్లు మూడు జార్ల మిక్సీ ఒకటి ఎంచుకుని, ఒకసారి తిప్పి చూపించమంటారు. కొట్టాయన డబ్బా విప్పి, ప్లగ్ పెట్టి, నాబ్ తిప్పుతాడు. మిక్సీలో ఉలుకూ పలుకూ ఉండదు. ఇంకో పీసు తీసి చూపించి బేరం పోకుండా కాపాడుకుంటాడు సరే, ఆ తిరగని మిక్సీ సంగతేమిటి? చాలా కొట్లలో అది మూలకు చేరుతుంది. వారానికోసారి ఆర్డరుకు వచ్చే సేల్స్‌మన్‌తో ‘బాబూ, ఒకటి డెడ్ పీసు వచ్చింది’ అని చెబుతారు. ఆ అబ్బాయి సరేనంటాడు. రెండు నెలలు గడిచాక డీలరు ‘ఇప్పుడు చెబితే కంపెనీవాళ్లు తీసుకోరండీ’ అంటాడు. ఆరు మిక్సీలు అమ్మితే వచ్చే లాభంలో సగానికి పైగా ఆ ఒక్క పీసు మింగేస్తుంది.

ఇక్కడ డీలరు అబద్ధం చెబుతున్నాడని అనుకోనక్కర్లేదు. అతను కూడా ఆ పీసును కంపెనీకి తిప్పి పంపి, తన ఖాతాలో జమ వేయించుకోవాలి. పెట్టె తెరవగానే పాడై ఉన్న సరుకుకు కంపెనీలు ఒక గడువు పెడతాయి. అది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి సరుకు తెచ్చుకునేటప్పుడే అడిగి ఉంచుకోవాలి. గడువు దాటితే అది మామూలు వారంటీ కిందికి పోతుంది. అంటే రిపేరు చేసి ఇస్తారే తప్ప కొత్తది ఇవ్వరు. రిపేరు చేసిన మిక్సీని కొత్తదని చెప్పి అమ్మడం ధర్మం కాదు, ఎవరూ కొనరు కూడా. అందుకే మన ఉత్తరం డీలరు కంపెనీ ముందు పెట్టుకోవడానికి పనికొచ్చే కాగితంలా ఉండాలి. మన కోపం దాంతో కంపెనీకి పని లేదు. సీరియల్ నంబరు, తేదీలు, ఏం పరీక్షించి చూశామన్నది, ఇవే కావాలి.

చట్టం ఈ కొట్టాయనను ఎక్కడ నిలబెట్టిందో కూడా తెలుసుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తిరిగి అమ్మడానికి సరుకు కొన్నవాడు వినియోగదారుడు కాడు. కాబట్టి డీలరు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి అతనికి లేదు. అతని దగ్గర కొన్నవాళ్లకు మాత్రం ఆ దారి ఉంది. పాడైన వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే, అది అనుచిత వ్యాపార పద్ధతి అని అదే చట్టం చెబుతోంది. కింద కొనుగోలుదారుకు జవాబు చెప్పాలి, పైన డీలరును బతిమాలుకోవాలి. (టిఫిన్ సెంటరు నడుపుకునే మనిషి తన జీవనోపాధి కోసం తానే వాడుకోవడానికి కొన్న మిక్సీ సంగతి వేరు. అతన్ని చట్టం వినియోగదారుగానే చూస్తుంది. అయితే ఇంట్లో వాడే మిక్సీని వ్యాపారానికి వాడితే వారంటీ వర్తించదని చాలా కార్డుల్లో రాసి ఉంటుంది, అది చదువుకోవాలి.)

మరి కొట్టాయనకు ఆధారం ఏది? 1930 నాటి సరుకుల విక్రయ చట్టం. ఆ రకం సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడి దగ్గర కొన్నప్పుడు, అది అమ్ముకోదగ్గ నాణ్యతతో ఉండాలన్న షరతు బిల్లు మీద రాయకపోయినా ఉన్నట్టేనని 16వ సెక్షన్ చెబుతుంది. తిరగని మిక్సీ అమ్ముకోదగ్గది కాదు కదా. కానీ 42వ సెక్షన్ దగ్గర జాగ్రత్త పడాలి. సరుకు వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గర ఉంచుకుంటే దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. అప్పుడు సరుకును తిరస్కరించే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కు ఒక్కటే మిగులుతుంది. మూలన పెట్టి ఊరుకోవడం అందుకే ప్రమాదం. ఇంకో సంగతి, పాడైన పీసుకు బదులు కొత్త పీసు ఇచ్చి తీరాలని ఈ చట్టంలో లేదు. అది వ్యాపార ఆనవాయితీ వల్ల, డీలరుతో ఉన్న ఒప్పందం వల్ల వచ్చేది. అందుకే ఉత్తరంలో కొత్త పీసు గానీ, క్రెడిట్ నోట్ గానీ అని రెండూ అడగాలి.

రాసే ముందు పది నిమిషాలు పరీక్షకు కేటాయించాలి. అదే సాకెట్‌లో టేబుల్ ఫ్యానో మరొకటో పెట్టి కరెంటు వస్తోందని చూడాలి. జార్ సరిగ్గా కూర్చుని లాక్ పడిందా చూడాలి. కొన్ని మోడళ్లలో లాక్ పడకపోతే మోటారు తిరగదు. తర్వాత ప్లగ్ తీసేసి మిక్సీని బోర్లించి, అడుగున ఉన్న చిన్న ఎర్ర బటన్ నొక్కాలి. అది ఓవర్‌లోడ్ బటన్. మోటారు మీద భారం ఎక్కువైతే బయటికి తన్నుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. బాగున్న మిక్సీ డెడ్ పీసుగా సర్వీస్ సెంటరుకు వెళ్లి, అక్కడ ఆ బటన్ నొక్కగానే తిరిగిందంటే, ఆ తర్వాత మన మాటకు డీలరు దగ్గర విలువ తగ్గుతుంది. ప్లగ్ తీసి ఉండగానే పైన జార్ కూర్చునే కప్లర్‌ను చేత్తో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగితే మోటారు బిగుసుకుపోలేదన్నమాట. అన్నీ చూశాక మళ్లీ స్విచ్ వేసినప్పుడు ‘గుంయ్’మని మూలుగు వస్తే కరెంటు మోటారు దాకా వెళ్తోంది, తిరగడానికే ఏదో అడ్డం పడింది. మూలుగు కూడా లేకపోతే దారిలోనే ఎక్కడో తెగింది. లారీ కుదుపులకు స్విచ్ దగ్గర వైరు ఊడటమో, కార్బన్ బ్రష్ సరిగ్గా ఆనకపోవడమో అయి ఉండొచ్చు. ఏదైనా సరే అడుగున స్క్రూలు విప్పకూడదు. తెలిసిన మెకానిక్ అయిదు నిమిషాల్లో బాగుచేసి ఇవ్వగలడు. కానీ ఒకసారి విప్పిన గుర్తు కనిపిస్తే దాన్ని కొత్త సరుకుగా కంపెనీ తీసుకోదు.

ఇక ఉత్తరం. తెనాలిలోని ఒక కొట్టుకు విజయవాడ డీలరు నుంచి ఆరు మిక్సీలు వచ్చాయనుకుందాం. అంకెలన్నీ నమూనా కోసం వేసినవే.

తెనాలి, 13-05-2025

డీలరు గారికి,

నమస్కారం. మీ ఇన్వాయిస్ నం. 1182, తేదీ 08-05-2025 కింద పంపిన ఆరు మిక్సీలు (750 వాట్లు, మూడు జార్లు) 09-05-2025న మాకు అందాయి. వాటిలో సీరియల్ నంబరు 0417తో ముగిసే పీసు పనిచేయడం లేదు. దీన్ని అమ్మలేదు. ఈ రోజు కొనేవారికి చూపించడానికి మొదటిసారి డబ్బా విప్పాం.

వేరే వస్తువు పెట్టి సాకెట్ బాగుందని చూశాం. జార్ లాక్ పడింది. ఓవర్‌లోడ్ బటన్ నొక్కాం. కప్లర్ చేత్తో తిరుగుతోంది. స్విచ్ వేస్తే మూడు స్పీడుల్లోనూ శబ్దం లేదు. మిక్సీని విప్పలేదు. డబ్బా, జార్లు, ఖాళీ వారంటీ కార్డు అన్నీ ఉన్నాయి. డబ్బాకు బయట దెబ్బ లేదు.

ఈ పీసును మేము ఒప్పుకోవడం లేదు. దీని ధర రూ. 2,700, జీఎస్టీ 18 శాతం రూ. 486, మొత్తం రూ. 3,186. దయచేసి 23-05-2025 లోగా ఇదే మోడల్ కొత్త పీసు పంపండి. స్టాకు లేకపోతే రూ. 3,186కు క్రెడిట్ నోట్ ఇవ్వండి. సర్వీస్ సెంటర్ పరిశీలన కావాలంటే ఏ రోజు, ఎక్కడికి పంపాలో తెలపండి. పీసును భద్రంగా ఉంచాం. మీ మనిషి చలాన్ ఇచ్చి తీసుకెళ్లవచ్చు.

జతచేసినవి: ఇన్వాయిస్ నకలు, సీరియల్ స్టిక్కరు ఫొటో, స్విచ్ వేసి తీసిన వీడియో.

ఇట్లు (సంతకం, కొట్టు ముద్ర)

ఇందులో బెదిరింపు లేదు, చట్టం పేరు కూడా లేదు. రేపు మళ్లీ సరుకు తెచ్చుకోవాల్సింది ఆ డీలరు దగ్గరే. మొదటి ఉత్తరంలోనే సెక్షన్లు రాస్తే డీలరు లాయరు వైపు చూస్తాడు, గోడౌన్ వైపు చూడడు. అయినా చట్టానికి కావాల్సిన ముక్క ఉత్తరంలో ఉంది: ‘ఈ పీసును మేము ఒప్పుకోవడం లేదు.’ సకాలంలో ఆ ఒక్క మాట చెబితే చాలు, పీసును మోసుకెళ్లి అప్పజెప్పే బాధ్యత కొన్నవాడిది కాదని 43వ సెక్షన్ అంటుంది. దానికి విరుద్ధంగా ముందే ఒప్పందం ఉంటే తప్ప. ‘అమ్మలేదు’ అన్న మాట కూడా ముఖ్యమే. అమ్మిన తర్వాత కొన్నవాళ్లు వెనక్కి తెచ్చిన పీసైతే ఆ సంగతి దాచకుండా, అమ్మిన తేదీతో సహా రాసి, ఆ బిల్లు నకలు కూడా జతచేయాలి.

ఉత్తరం ఫొటో వాట్సాప్‌లో పంపితే తొందరగా చేరుతుంది. అసలు కాగితం స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోవాలి. లేదంటే సేల్స్‌మన్ చేతికిచ్చి, మన దగ్గరున్న నకలు మీద ‘అందింది’ అని తేదీతో సంతకం పెట్టించుకోవాలి. పీసు ఇచ్చేటప్పుడు మాత్రం ఇంకా గట్టిగా ఉండాలి. వ్యాన్ కుర్రాడు తొందరలో ఉంటాడు, ‘చలాన్ రేపు పంపిస్తా అన్నా’ అంటాడు. సీరియల్ నంబరు రాసిన కాగితం లేకుండా బండెక్కిన మిక్సీ గోడౌన్‌లో ఎవరిదో తెలియని సరుకైపోతుంది. అప్పుడు డీలరుకు ఇవ్వాలని ఉన్నా మన పేరు మీద ఇవ్వలేడు.

ఇంకో అలవాటు చాలామందికి ఉంది. కాగితమేమీ లేకుండా వచ్చే చెల్లింపులో రూ. 3,186 కోసుకుని మిగతాది పంపిస్తారు. డీలరు ఖాతాలో అది బాకీగానే నిలిచిపోయి, ఏడాది చివర లెక్కలు చూసేటప్పుడు తగువు అవుతుంది. పైగా ఆ సరుకు మీద కట్టిన జీఎస్టీకి మనం క్రెడిట్ వాడుకుని ఉంటాం. సరుకు వెనక్కి పోయినప్పుడు డీలరు క్రెడిట్ నోట్ వేస్తే, మన వైపు ఆ రూ. 486 తగ్గించుకోవాలి. క్రెడిట్ నోట్ వస్తే రెండు ఖాతాలూ ఒకే లెక్క చెబుతాయి.

గడువు దాటినా జవాబు రాకపోతే, మొదటి ఉత్తరం నకలు జతచేసి రెండోది రాయాలి. దాని ప్రతి కంపెనీ ఏరియా మేనేజరుకు పంపాలి. సరుకుల విక్రయ చట్టం పేరు ఎత్తాల్సింది ఇందులోనే. సాధారణంగా పని ఇక్కడ తెగుతుంది. తెగకపోతే రూ. 3,186 కోసం సివిల్ కోర్టులో దావా వేయడం గిట్టుబాటు కాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు కాకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. కాకపోతే రాజీకి డీలరు కూడా ఒప్పుకోవాలి, ఎవరినీ బలవంతం చేసే వేదిక కాదది.

కొత్త పీసు వచ్చిన రోజున డబ్బా అటకెక్కించేయకుండా వ్యాన్ వెళ్లకముందే ప్లగ్ పెట్టి చూడాలి. దాని సీరియల్ నంబరు వేరుగా ఉంటుంది కాబట్టి, లోపలి వారంటీ కార్డు, చలాన్ మీద అదే నంబరు ఉందో లేదో సరిచూసుకుని, ఉత్తరం నకలు మీద ఆ నంబరు, తేదీ రాసి ఇన్వాయిస్‌తో కలిపి ఫైల్లో పెట్టుకోవాలి.